పీహెచ్‌డీ కెమిస్టును ఫ్రెషర్ అని పక్కన పెట్టే ముందు: ఫార్మా ఆర్ అండ్ డీ పెద్దలకు, పీహెచ్‌డీ గైడ్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో ఆర్ అండ్ డీ విభాగాలు నడుపుతున్న పెద్దలకు, అక్కడి హెచ్‌ఆర్ మేనేజర్లకు, మన విశ్వవిద్యాలయాల్లో, జాతీయ ప్రయోగశాలల్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ పీహెచ్‌డీలు చేయిస్తున్న గైడ్లకు,

నమస్కారం.

నేను ఆర్గానిక్ సింథసిస్‌లో పీహెచ్‌డీ చేసి, ఆ తర్వాత ప్రాసెస్ ఆర్ అండ్ డీలోకి వచ్చిన కెమిస్టుని. ఇప్పుడు ఉద్యోగాలకు వచ్చే రెజ్యూమెలు నా టేబుల్ మీదకీ వస్తుంటాయి, మా పాత ల్యాబ్ జూనియర్లు తమ రెజ్యూమెలు దిద్దిపెట్టమని కూడా నాకే పంపుతుంటారు, అందువల్ల ఈ సమస్యను రెండు వైపుల నుంచీ చూస్తున్నాను. గత ఏడాది కొందరం కలిసి ఇదే విషయం మీద ఒక కంపెనీల సంఘానికి, ఒక విశ్వవిద్యాలయ అధికారులకు ఉత్తరాలు రాశాం. అందినట్టు కూడా జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

మా ఫిర్యాదు ఇది. పీహెచ్‌డీ అయిన వాళ్ళకు "మీ రెజ్యూమె ఇండస్ట్రీకి తగ్గట్టు లేదు, మార్చుకోండి" అని అందరూ చెబుతారు. ఆ మాట నిజమే, మార్చుకోవాలి, ఎలా మార్చుకోవాలో కింద ఒక ఉదాహరణతో మొత్తం చూపిస్తాను. కానీ ఎంత బాగా మార్చుకున్నా, మీ జేడీ, అంటే ఉద్యోగ ప్రకటనలో మీరిచ్చే జాబ్ డిస్క్రిప్షన్, ఏం అడుగుతోందో స్పష్టంగా లేకపోతే, వచ్చిన రెజ్యూమెను ఒక కెమిస్టు కాకుండా ఒక ఫిల్టర్ చదివితే, ఆ మార్పు వృథా అవుతోంది. దీనివల్ల నష్టపోతున్నది కుర్రాళ్ళు ఒక్కళ్ళే కాదు, మీ ప్రాజెక్టులు కూడా.

1. ముందు ఆ రెజ్యూమె సంగతి

మా పాత ల్యాబ్‌లోనే చదివిన ఒక జూనియర్ అమ్మాయి కథ చెబుతాను. ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా అణువు పేరు, సంస్థ పేరు వదిలేస్తున్నాను. థీసిస్ ఒక సహజ పదార్థపు టోటల్ సింథసిస్, మొత్తం 14 స్టెప్పులు. ఆమె మొదట పంపిన సీవీ ఏడు పేజీలు. మొదటి పేజీలో ఫొటో, నెట్ ర్యాంకు, థీసిస్ టైటిల్. టైటిల్‌లో స్టీరియోసెలెక్టివ్ అనే మాట, ఆ అణువు పేరు, దాన్ని ఏ మొక్క నుంచి తీశారో ఆ లాటిన్ పేరు ఉన్నాయి. తర్వాత పేపర్లు, పోస్టర్లు, హాజరైన సెమినార్లు. ఆ తర్వాత "తెలిసిన టెక్నిక్‌లు" అని ఎన్‌ఎమ్‌ఆర్, ఐఆర్, మాస్, కాలమ్ క్రొమటోగ్రఫీ. చివర ముగ్గురు ప్రొఫెసర్ల పేర్లు. ఒక విశ్వవిద్యాలయంలో పోస్ట్‌డాక్‌కు ఈ సీవీ సరిగ్గా సరిపోతుంది, అందులో తప్పేమీ లేదు.

ఆమె దరఖాస్తు చేసింది మాత్రం ప్రాసెస్ ఆర్ అండ్ డీ రీసెర్చ్ సైంటిస్ట్ పోస్టుకు. ఆ జేడీలో పనికొచ్చే వాక్యాలు నాలుగే: ప్లాంటులో నడిచే ప్రాసెస్ డెవలప్ చేయాలి, ఇంప్యూరిటీలు ఎక్కడ పుడుతున్నాయో కనిపెట్టి అదుపు చేయాలి, ప్రాసెస్‌ను ప్లాంటుకు అప్పగించే టెక్ ట్రాన్స్‌ఫర్ డాక్యుమెంట్లు రాసి, అనలిటికల్ ల్యాబ్ అయిన ఏడీఎల్, నాణ్యత చూసే క్యూఏ, ప్రొడక్షన్ వాళ్ళతో కలిసి పనిచేయాలి, 3 నుంచి 6 ఏళ్ళ అనుభవం ఉండాలి. ఏడు పేజీల సీవీలో ఈ నాలుగింటికి జవాబుగా ఒక్క లైను కూడా కనపడదు. కనపడలేదు కాబట్టి లేదనుకున్నారు.

కానీ ఉంది. టోటల్ సింథసిస్ చేసిన వాళ్ళందరికీ తెలిసిన లెక్క ఇది: సగటున ఒక్కో స్టెప్‌కు 75 శాతం యీల్డ్ వచ్చినా, 14 స్టెప్పులు వరుసగా చేస్తే మోల్స్ లెక్కన చివరికి మిగిలేది 2 శాతం లోపే. అంటే చివర్లో కొన్ని మిల్లీగ్రాములు చూడాలంటే మొదటి నాలుగైదు స్టెప్పులు పదుల గ్రాముల్లో, మళ్ళీ మళ్ళీ చేయాలి. పేపర్‌లో ఆఖరి స్టెప్పుల గొప్పతనం రాస్తారు, ఈ మొదటి స్టెప్పుల చాకిరీ సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్‌లో నాలుగు లైన్లయి మిగిలిపోతుంది. ప్రాసెస్ కెమిస్టుకు కావాల్సింది సరిగ్గా ఆ నాలుగు లైన్ల వెనక ఉన్న పనే.

ఆమెను ల్యాబ్ నోట్‌బుక్‌లు తెచ్చుకుని కూర్చోమన్నాను. థీసిస్ పక్కన పెట్టి, ఏ స్టెప్‌ను ఎక్కువసార్లు, ఎక్కువ పరిమాణంలో చేశావో అది తీయమన్నాను. మూడో స్టెప్ దొరికింది. ప్రైమరీ ఆల్కహాల్‌ను ఆల్డిహైడ్‌గా మార్చే ఆక్సిడేషన్. మొదట్లో ఆమె దాన్ని స్వెర్న్ పద్ధతిలో చేసేది: డ్రై ఐస్, అసిటోన్ బాత్ పెట్టి మైనస్ 78 డిగ్రీల్లో, ఆక్సాలిల్ క్లోరైడ్, డీఎంఎస్ఓ వాడి. 2 గ్రాములకు బాగానే ఉంది. పదుల గ్రాములకు వెళ్ళేసరికి ఆ చలి నిలబెట్టడం కష్టమైంది, పక్క ఉత్పత్తిగా వచ్చే డైమిథైల్ సల్ఫైడ్ వాసనకు పక్క ల్యాబ్ వాళ్ళు గొడవకు వచ్చారు. అప్పుడు టెంపో అనే ఉత్ప్రేరకం, బ్లీచ్ కలిపి వాడే పద్ధతికి మారింది. ఒక శాతం టెంపో, కొంచెం పొటాషియం బ్రోమైడ్, బైకార్బనేట్‌తో పీహెచ్ 9 దగ్గర సర్దిన సోడియం హైపోక్లోరైట్, 0 నుంచి 5 డిగ్రీలు.

ఇక్కడే అసలు విషయం ఉంది. 2 గ్రాములకు బ్లీచ్‌ను పది నిమిషాల్లో పోసేది. మొదటి 40 గ్రాముల బ్యాచ్‌కు కూడా దాదాపు అదే వేగంతో పోసింది. లోపలి ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు ఎక్కింది. ఆల్డిహైడ్ అక్కడ ఆగకుండా ఇంకా ఆక్సిడైజ్ అయి యాసిడ్‌గా మారింది, క్రూడ్ ఎన్‌ఎమ్‌ఆర్‌లో అది 6 శాతం కనిపించింది. కారణం ఏ ప్రాసెస్ కెమిస్టుకైనా వెంటనే తెలుస్తుంది: పాత్ర పెరిగే కొద్దీ లోపలి ద్రవం పెరిగినంతగా చల్లబరిచే గోడ పెరగదు, కాబట్టి వేడి బయటికి పోవడానికి టైమ్ పడుతుంది. రెండో బ్యాచ్‌లో ఆమె బ్లీచ్‌ను 90 నిమిషాల పాటు, లోపలి ఉష్ణోగ్రత 5 డిగ్రీలు దాటకుండా పోసింది, బ్లీచ్‌ను ముందే టైట్రేట్ చేసి 1.1 ఈక్వివలెంట్ల దగ్గర ఆపింది, మిగిలినదాన్ని థయోసల్ఫేట్‌తో చంపేసింది. యాసిడ్ ఒక శాతం లోపుకు వచ్చింది.

ఆపై కాలమ్. 40 గ్రాముల క్రూడ్‌కు 30 రెట్ల సిలికా అన్నా 1.2 కిలోలు, దానికి తగ్గ సాల్వెంట్. పైగా ఆ ఆల్డిహైడ్ సిలికా మీద కొంత పాడవుతుంది. ఆమె కాలమ్ మానేసి సోడియం బైసల్ఫైట్‌తో కలిపి ఆల్డిహైడ్‌ను ఘన రూపంలో బయటికి తీసింది, వడగట్టి కడిగి, కావాల్సినప్పుడు కార్బనేట్‌తో విడగొట్టి వాడుకుంది. యీల్డ్ 68 నుంచి 81 శాతానికి వచ్చింది. ఆమె రాసిపెట్టిన ప్రొసీజర్ చూసి తర్వాత ఇద్దరు జూనియర్లు అదే స్టెప్ చేశారు, వాళ్ళకూ 78, 82 శాతం వచ్చాయి.

ఇదంతా ఏడు పేజీల సీవీలో లేదు. ఎందుకు రాయలేదని అడిగితే "అది రీసెర్చ్ కాదు కదా అన్నా, మెటీరియల్ తెచ్చుకోవడమే కదా" అంది. గైడ్లకు నా మనవి: ఆ మాట ఆ అమ్మాయి సొంతంగా అనుకున్నది కాదు, మన ల్యాబ్‌లలో ఐదేళ్ళు విని నేర్చుకున్నది.

కొత్త రెజ్యూమె రెండు పేజీలు. రెజ్యూమె ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి ఇక్కడ భావం తెలుగులో ఇస్తున్నాను. మొదటి పేజీ పైన ఇలా వచ్చింది:

"14 స్టెప్పుల సింథసిస్‌లో మూడో స్టెప్ ఆక్సిడేషన్‌ను మైనస్ 78 డిగ్రీల పద్ధతి నుంచి 0-5 డిగ్రీల టెంపో-బ్లీచ్ పద్ధతికి మార్చాను; 2 గ్రాముల నుంచి 40 గ్రాముల బ్యాచ్‌కు తెచ్చాను."

"40 గ్రాముల దగ్గర ఓవర్-ఆక్సిడేషన్ ఇంప్యూరిటీ 6 శాతానికి పెరగడానికి బ్లీచ్ పోసే వేగం, ఉష్ణోగ్రత కారణమని గుర్తించి, ఒక శాతం లోపుకు తగ్గించాను (క్రూడ్ ఎన్‌ఎమ్‌ఆర్ ఆధారంగా)."

"కాలమ్ తీసేసి బైసల్ఫైట్ అడక్ట్‌గా ఐసొలేట్ చేశాను, యీల్డ్ 68 నుంచి 81 శాతం."

"రాసిన ప్రొసీజర్‌తో మరో ఇద్దరు అదే ఫలితం తెచ్చారు, యీల్డ్ 78-82 శాతం."

థీసిస్ టైటిల్ ఒక్క లైనులో, మొక్క లాటిన్ పేరు లేకుండా. పేపర్లలో ముఖ్యమైనవి రెండు, మిగతావి ఎన్నో ఒక అంకె. పోస్టర్లు, సెమినార్లు తీసేశాం. ఫొటో తీసేశాం. నెట్ ర్యాంకు చదువు కింద ఒక మూలన ఉంది. "తెలిసిన టెక్నిక్‌లు" జాబితా స్థానంలో ఏ పరికరాన్ని దేనికి వాడిందో రాశాం. ఇది ముఖ్యం. పీహెచ్‌డీ ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ అంటే చాలామందికి కైరల్ కాలమ్ మీద ఈఈ, అంటే అణువు కుడి ఎడమ రూపాల్లో ఒకటి ఎంత ఎక్కువుందో చూడటం, కంపెనీలో హెచ్‌పీఎల్‌సీ అంటే ఇంప్యూరిటీలను కొలిచే రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ పద్ధతి. రెండింటికీ ఒకే మాట కాబట్టి ఊరికే "హెచ్‌పీఎల్‌సీ" అని రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే ఇరుక్కుంటారు. "కైరల్ హెచ్‌పీఎల్‌సీతో ఈఈ చూశాను, మెథడ్ డెవలప్‌మెంట్ చేయలేదు" అని రాయించాను.

ఏం రాయనివ్వలేదో కూడా చెప్పాలి, ఎందుకంటే జేడీకి తగ్గట్టు మార్చుకోమంటే కొందరు జేడీలోని మాటలే తెచ్చి అతికిస్తున్నారు. 40 గ్రాములను "స్కేల్-అప్" అని రాయొద్దన్నాను, బ్యాచ్ సైజు అంకె రాస్తే చాలు, చదివే వాళ్ళే నిర్ణయించుకుంటారు. ఒక్కో పారామీటర్‌ను విడివిడిగా మార్చి చూసినప్పుడు దాన్ని డీఓఈ, అంటే పారామీటర్లను ఒక ప్లాన్ ప్రకారం కలిపి మార్చి చూసే పద్ధతి, అనకూడదు. మందుల తయారీ నాణ్యతా నియమాలైన జీఎంపీ అనే మాట ఎక్కడా రాయలేదు, ఆమె జీఎంపీ ప్లాంటులో పనిచేయలేదు కాబట్టి. జూనియర్లు ప్రొసీజర్‌ను రిపీట్ చేయడాన్ని టెక్ ట్రాన్స్‌ఫర్ అనలేదు. ఎన్‌ఎమ్‌ఆర్ అని ఆధారం రాశాం, ఎందుకంటే మామూలు ఎన్‌ఎమ్‌ఆర్‌లో ఒక శాతం దగ్గర చూసిన దాన్ని నమ్మొచ్చు గానీ 0.1 శాతం చూశామని చెప్పలేం. మందు పదార్థంలో మీరు అడిగేది ఆ 0.1 దగ్గరే: ఐసీహెచ్ క్యూ3ఏ ప్రకారం రోజు డోసు 2 గ్రాములు దాటని మందుల్లో 0.10 శాతం లేదా రోజుకు 1 మిల్లీగ్రామ్, ఏది తక్కువైతే అది దాటిన ఇంప్యూరిటీ ఏమిటో గుర్తించి తీరాలి. ఈ తేడా తనకు తెలుసని ఆమె ఇంటర్వ్యూలో తనే చెప్పింది, పీహెచ్‌డీలో తాను పనిచేసిన హద్దు ఎక్కడో కూడా చెప్పింది.

2. ఇంత చేసినా ఏమైంది

కొత్త రెజ్యూమెను ఆమె జాబ్ పోర్టల్‌లో పెట్టింది. పోర్టల్ ఫారంలో అనుభవం ఎన్నేళ్ళు అని డ్రాప్‌డౌన్ ఉంటుంది. పీహెచ్‌డీ చదువు కింద నింపాలి, కాబట్టి అనుభవం సున్నా. జేడీ 3 నుంచి 6 ఏళ్ళు అంటుంది. ఫిల్టర్ సున్నాను 3 కింద చూసి పక్కన పెట్టేస్తుంది. ఆ రెండు పేజీలు ఏ కెమిస్టూ చూడలేదు. తర్వాత అదే రెజ్యూమె ఒక తెలిసినాయన ద్వారా ఒక గ్రూప్ లీడర్ చేతికి నేరుగా వెళ్ళింది, రెండో రోజే ఇంటర్వ్యూకు పిలిచారు, గంటకు పైగా ఆ బ్లీచ్ స్టెప్ మీదే మాట్లాడారట. పోసే టైమ్ ఎందుకు 90 నిమిషాలు, 60 ఎందుకు కాదు, జాకెట్ ఉష్ణోగ్రత ఎంత, బ్లీచ్ పాతబడితే ఏమవుతుంది, 50 లీటర్ల రియాక్టర్‌లో అయితే నువ్వు ముందు ఏం కొలుస్తావు. ఉద్యోగం వచ్చింది.

అంటే రెజ్యూమె మార్చడం పనిచేసింది. కానీ కెమిస్టు చదివిన చోటే పనిచేసింది. తెలిసిన వాళ్ళు లేని కుర్రాడి పరిస్థితి ఏమిటి? ఇంట్లో మొదటిసారి పీహెచ్‌డీ దాకా వచ్చిన పిల్లలకు కంపెనీల్లో తెలిసినాయన ఎక్కడి నుంచి వస్తాడు?

3. దీనివల్ల ఇళ్ళలో జరుగుతున్నది

సీఎస్ఐఆర్-యూజీసీ జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్ 42,000 రూపాయలు, పైన హెచ్‌ఆర్ఏ. మంచిదే. కానీ అది ఐదేళ్ళకు ఆగిపోతుంది. టోటల్ సింథసిస్ థీసిస్ ఐదేళ్ళలో ముగియడం అందరికీ సాధ్యం కాదు. సబ్మిట్ చేశాక పరిశీలకుల రిపోర్టులు రావాలి, వైవా జరగాలి, ప్రొవిజనల్ సర్టిఫికెట్ రావాలి. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో సబ్మిట్ చేసిన రోజు నుంచి వైవా ఫలితం దాకా ఆరు నెలల్లో ముగించాలని ఉంది, చాలా చోట్ల ఆ గడువు ఎవరూ పట్టించుకోవడం లేదు. కంపెనీ హెచ్‌ఆర్ ఏమో సర్టిఫికెట్ లేకపోతే పీహెచ్‌డీ కింద తీసుకోలేం అంటారు. ఈ మధ్య కాలానికి జీతం లేదు, ఫెలోషిప్ లేదు. తార్నాకలోనో హబ్సిగూడలోనో రూమ్ అద్దె మాత్రం ప్రతి నెలా కట్టాలి. ఫెలోషిప్ లేకుండానే పీహెచ్‌డీ చేసిన రాష్ట్ర విశ్వవిద్యాలయాల పిల్లల సంగతి ఇంకా కష్టం, వాళ్ళు మొదటి నుంచీ అలాగే బతుకుతున్నారు.

ఆ టైమ్‌లో కొందరు ఏం చేస్తున్నారంటే, పీహెచ్‌డీని రెజ్యూమె నుంచి తీసేసి ఎంఎస్సీ కెమిస్టుగా చేరుతున్నారు. నాకు తెలిసిన వాళ్ళలోనే ఉన్నారు. ఆరేళ్ళు ఖాళీగా కనిపించకుండా ఉండటానికి ఏదో ఒక కారణం చెప్పుకుంటున్నారు. తనకంటే ఆరేడేళ్ళు చిన్నవాళ్ళతో సమానంగా షిఫ్టులు చేస్తూ, తను చదివింది దాచుకుంటూ పనిచేయడం ఎంత బాధో ఆలోచించండి. ఆడపిల్లలకు ఇంకో ఒత్తిడి ఉంది, ముప్పై దాటినా ఉద్యోగం లేదని ఇంట్లో పెళ్ళి మాటలు మొదలవుతాయి, ఒక్కసారి ఊరికి వెళ్తే కొందరు మళ్ళీ బెంచ్ దగ్గరికి రావడం లేదు. విదేశాల్లో పోస్ట్‌డాక్ దొరికిన వాళ్ళు వెళ్ళిపోతున్నారు, వాళ్ళను తప్పుపట్టలేం.

4. కంపెనీలకు జరుగుతున్న నష్టం

మీరు 3 నుంచి 6 ఏళ్ళ అనుభవం అని ఎందుకు పెడతారో నాకు తెలుసు. ప్లాంటు చూసిన వాడు కావాలి. రోటావేపర్ మీద పూర్తిగా ఎండబెట్టడం, సోడియం సల్ఫేట్ వేసి ఆరబెట్టడం, ప్రతి స్టెప్‌కూ కాలమ్ పెట్టడం లాంటివి 500 లీటర్ల రియాక్టర్‌లో కుదరవని కొత్తవాడికి చెప్పే ఓపిక ప్రాజెక్టు గడువుల మధ్య ఎవరికీ ఉండదు. ఒప్పుకుంటాను. కానీ అవి కొన్ని నెలల్లో వచ్చే అలవాట్లు. ఒక ఇంప్యూరిటీ ఎలా పుడుతుందో మెకానిజం గీసి ఆలోచించడం కొన్ని నెలల్లో రాదు.

2018 జులైలో వల్‌సార్టాన్ రీకాల్స్ మొదలైనప్పుడు మనందరం చూశాం. టెట్రజోల్ తయారీ స్టెప్‌ను మార్చారు, డీఎంఎఫ్ సాల్వెంట్‌గా వాడారు, మిగిలిన అజైడ్‌ను నాశనం చేయడానికి సోడియం నైట్రైట్ వేశారు. డీఎంఎఫ్‌లో ఉండే డైమిథైల్ అమీన్, నైట్రస్ యాసిడ్‌తో కలిసి, క్యాన్సర్ కలిగించవచ్చని భావించే ఎన్‌డీఎంఏ అయింది. రక్తపోటుకు రోజూ వేసుకునే మాత్రలో. అప్పటిదాకా ఎవరూ దాని కోసం వెతకలేదు కాబట్టి మామూలు పరీక్షల్లో పట్టుబడలేదు. ప్రాసెస్ మార్చేటప్పుడే "ఈ రెండూ ఒకే చోట ఉంటే ఏమవుతుంది" అని కాగితం మీద గీసే మనిషి టీమ్‌లో ఉండాలి. మీరు ఫ్రెషర్ అని పక్కన పెడుతున్న స్కాలర్లు ఐదేళ్ళు చేసింది ఆ పనే, పోయిన యీల్డ్ ఎటు పోయిందో వెతకడమే.

5. మేం అడుగుతున్నవి

కంపెనీల ఆర్ అండ్ డీ హెడ్లను, హెచ్‌ఆర్ మేనేజర్లను:

(అ) ప్రతి జేడీలో పీహెచ్‌డీ సంవత్సరాలను ఎలా లెక్కిస్తారో ఒక లైనులో రాయండి. "ఎంఎస్సీ అయితే 5 ఏళ్ళు, పీహెచ్‌డీ అయితే 0-2 ఏళ్ళు" అని కొన్ని కంపెనీలు ఇప్పటికే రాస్తున్నాయి, కాబట్టి ఇది కుదరని పని కాదు. మీకు నిజంగా ప్లాంటు అనుభవమే కావాలంటే అదే రాయండి, మా పిల్లలు దరఖాస్తు చేయడం మానేస్తారు. పోర్టల్ ఫిల్టర్‌ను కూడా ఆ లైనుకు తగ్గట్టే పెట్టించండి, లేకపోతే రాసి ప్రయోజనం లేదు.

(ఆ) జేడీలో కచ్చితంగా కావాల్సింది, చేరాక నేర్పేది విడదీసి రాయండి. ఇరవై బుల్లెట్లలో జీఎంపీ, డీఓఈ, క్యూబీడీ, ఫైలింగ్ సపోర్ట్, ప్లాంట్ ట్రబుల్‌షూటింగ్ అన్నీ ఒకే వరుసలో పెడితే నిజాయితీగా ఉన్న అభ్యర్థి వెనక్కి తగ్గుతాడు, అతికించేవాడు ముందుకు వస్తాడు. చివరికి ఇంటర్వ్యూలో మీ టైమే పోతుంది. మొదటి ఆరు నెలల్లో ఆ మనిషి ఏ బ్యాచ్ సైజులో, ఎలాంటి కెమిస్ట్రీ మీద పనిచేస్తాడో రెండు వాక్యాలు రాస్తే అభ్యర్థి తన నోట్‌బుక్‌లోంచి సరైన స్టెప్‌ను తీసి ముందు పెట్టగలడు.

(ఇ) పీహెచ్‌డీ దరఖాస్తుల మొదటి వడపోత ఒక కెమిస్టు చేయాలి. వారానికి ఒక గంట ఒక గ్రూప్ లీడర్ కేటాయిస్తే చాలు. ఏడు పేజీలు చదవమని అడగడం లేదు, "మీరు ఎక్కువసార్లు చేసిన ఒక స్టెప్ గురించి అర పేజీ రాయండి: బ్యాచ్ సైజు, ఏం మార్చారు, ఏం తప్పింది, ఎలా తెలిసింది" అని దరఖాస్తులోనే అడగండి. నా అనుభవంలో ఆ అర పేజీ చదివితే ఎవరిని పిలవాలో తెలిసిపోతుంది. వద్దనుకుంటే వద్దని ఒక లైను మెయిల్ పంపండి.

గైడ్లను, విశ్వవిద్యాలయాలను:

(ఈ) థీసిస్‌లో ప్రతి స్కాలర్‌తో ఒక అనుబంధం రాయించండి: ఎక్కువగా రిపీట్ చేసిన రెండు స్టెప్పులు, బ్యాచ్‌ల వారీగా పరిమాణం, యీల్డ్, ప్యూరిటీ ఎలా చూశారు, ఫెయిలైన బ్యాచ్‌లు, వాటి కారణం. నాలుగు పేజీలు చాలు. ఇది రాయాలంటే మొదటి ఏడాది నుంచే పోసిన టైమ్, లోపలి ఉష్ణోగ్రత నోట్‌బుక్‌లో రాసుకోవాలి. సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్‌కు అవసరం లేదని ఇప్పుడు చాలామంది రాయడం లేదు, తర్వాత రెజ్యూమె రాసేటప్పుడు గుర్తుకు రావు. గుర్తు లేని అంకెను రెజ్యూమెలో పెట్టకూడదు. మా జూనియర్ అమ్మాయికి ఆ 18 డిగ్రీలు నోట్‌బుక్ మార్జిన్‌లో రాసి ఉండబట్టే దొరికింది.

(ఉ) నాలుగో ఏడాదిలో రెండు మూడు నెలలు కంపెనీ కిలో ల్యాబ్‌లో పనిచేయడానికి అనుమతి ఇవ్వండి, దాన్ని సెలవుగా లెక్కించకండి. కంపెనీ పని రహస్యాలు బయటికి రాకుండా ఒప్పందం రాసుకోవచ్చు, రెజ్యూమెలో ఏం రాయొచ్చో ఆ ఒప్పందంలోనే ముందుగా తేల్చవచ్చు. పరిశ్రమ, ప్రభుత్వం చెరి సగం భరించే ప్రధానమంత్రి డాక్టోరల్ రీసెర్చ్ ఫెలోషిప్ లాంటి దారులు ఉన్నాయని కూడా చేరిన ఏడాదే స్కాలర్లకు చెప్పండి, ఐదో ఏడాదిలో తెలిసి ఉపయోగం లేదు.

(ఊ) ఆరు నెలల గడువును అమలు చేయండి. ఒక పరిశీలకుడి రిపోర్టు మూడు నెలల్లో రాకపోతే మరొకరికి పంపే ఏర్పాటు ఉండాలి. థీసిస్ సబ్మిట్ చేసిన రోజే, కంపెనీకి చూపించడానికి పనికొచ్చేలా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పూర్తికాలం ప్రయోగశాలలో పనిచేశారో చెప్పే సంతకం, సీలు ఉన్న పత్రం ఇవ్వండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, డిపార్ట్‌మెంట్ హెడ్ ఇవ్వగలరు.

ఈ ఆరింటిలో (అ), (ఊ) ఖర్చు లేనివి. వచ్చే నియామక ప్రకటనలోనే మొదటిది చేయవచ్చు, వచ్చే వైవాకే చివరిది చేయవచ్చు. మిగతా నాలుగు ఎలా చేయాలో మాట్లాడటానికి ఆర్ అండ్ డీలో పనిచేస్తున్న మేం కొందరం, ఇంకా చదువుతున్న స్కాలర్లు కొందరు, మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాం. జేడీల ముసాయిదా మేమే రాసి పెడతాం, థీసిస్ అనుబంధానికి నమూనా కూడా తయారుగా ఉంది. ఈసారి ఒక జవాబు రాయండి. ఏది చేయగలరో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో స్పష్టంగా చెప్పినా చాలు, ఈ ఏడాది సబ్మిట్ చేయబోతున్న వాళ్ళు దాన్నిబట్టి తమ దారి చూసుకుంటారు.

ఇట్లు,
హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఒక ప్రాసెస్ కెమిస్టు